తాళాలకు ముందు లెక్క: బిల్డరుకు రాయాల్సిన ఒక ఉత్తరం

డాలస్ శివారు ఫ్రిస్కోలో రాత్రి తొమ్మిదయింది. హైదరాబాద్‌లో అప్పుడే ఉదయం ఏడున్నర. నాన్నగారి నుంచి ఫోన్. "ఫ్లాట్ రెడీ అయిందట తల్లీ! నీకు మెయిల్ పెట్టామన్నారు. డబ్బు కట్టేస్తే తాళాలిస్తారట. శ్రావణంలో మంచి ముహూర్తం ఉంది, పాలు పొంగించేద్దాం."

మెయిల్ తెరిచి చూస్తే శుభాకాంక్షలతో మొదలై, ఒకే ఒక్క అంకెతో ముగిసింది. "పొజెషన్ ఛార్జీలు, జీఎస్టీతో కలిపి: రూ.8,36,148. పదిహేను రోజుల్లోగా చెల్లించగలరు." అందులో ఏమేం ఉన్నాయో లేదు. ఫోన్ చేస్తే "అందరికీ ఇదే మేడమ్, కంపెనీ పాలసీ" అన్నారు.

ఈ కుటుంబం మనం వేసుకున్న ఉదాహరణ. అంకెలు కూడా లెక్క అర్థం కావడానికి ఎంచుకున్నవే. కానీ తెల్లాపూర్‌లోనో, కోకాపేటలోనో, విజయవాడలోనో ఫ్లాట్ బుక్ చేసి అమెరికాలో ఎదురుచూస్తున్న వాళ్లలో చాలామందికి ఇలాంటి మెయిల్ కొత్తేమీ కాదు. ఏడాదుల తరబడి వాయిదాలు కట్టి, చివరి మెట్టు మీద నిలబడిన సమయం అది. అడిగితే తాళాలు ఆలస్యమవుతాయేమోనన్న భయం. అడగకుండా కడితే ఎందుకు కట్టామో మనకే తెలియని పరిస్థితి. ఆ రెండింటికీ మధ్య ఉన్న దారి ఒక ఉత్తరం. గంపగుత్తగా అడిగిన మొత్తాన్ని పద్దులవారీగా రాసివ్వమని కోరే ఉత్తరం. దాన్ని ఎలా రాయాలో, జవాబు వచ్చాక ఎలా చదవాలో చూద్దాం.

ఇక్కడ ఐదు పేజీలు, అక్కడ ఒక్క వరుస

అమెరికాలో లోన్ తీసుకుని ఇల్లు కొన్నవాళ్లందరికీ క్లోజింగ్ డిస్‌క్లోజర్ గుర్తుండే ఉంటుంది. 2015 అక్టోబరు 3 నుంచి ఈ ఐదు పేజీల పత్రం వాడుకలో ఉంది. క్లోజింగ్‌కు కనీసం మూడు పనిదినాల ముందే అది కొనేవారి చేతికి రావాలి. రెండో పేజీలో ప్రతి ఖర్చూ విడిగా ఉంటుంది. ప్రభుత్వానికి వెళ్లే రికార్డింగ్ ఫీజు ఒక వరుస, టైటిల్ కంపెనీకి వెళ్లేది ఇంకో వరుస. ఎస్క్రోలో ముందుగా జమ చేసే ఆస్తిపన్ను, ఇన్సూరెన్స్ అయితే నెలకు ఎంత, ఎన్ని నెలలకు అని కూడా రాసి ఉంటుంది. హెచ్ఓఏ ఫీజు ఉంటే దానికీ ఒక వరుస ఉంటుంది.

మన దగ్గర ఫ్లాట్ అప్పగింత సమయంలో ఇవ్వాల్సిన ఇలాంటి ప్రత్యేక ఫారం ఏదీ లేదు. అంతమాత్రాన అడిగే హక్కు లేదని కాదు. ఆ రెండో పేజీని మనసులో పెట్టుకుని, అదే పద్ధతిలో లెక్క రాసివ్వమని మనమే అడగాలి. పద్దు పేరు, లెక్క వేసిన తీరు, ఎన్ని నెలలకు, పన్ను ఎంత, డబ్బు చివరికి ఎవరి దగ్గర ఆగుతుంది అన్న వివరాలు రావాలి.

వీటిలో చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. పొజెషన్ వేళ అడిగే డబ్బు మూడు జేబుల్లోకి వెళ్తుంది. మొదటిది ప్రభుత్వం, ప్రభుత్వ సంస్థలు: స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, డిస్కంకూ జలమండలికీ కట్టే కనెక్షన్ ఛార్జీలు. వీటికి చలానా లేదా రసీదు తప్పనిసరిగా ఉంటుంది. రెండోది రేపు ఏర్పడబోయే యజమానుల సంఘం. కార్పస్ ఫండ్ అలాంటిది. బిల్డరు దాన్ని తాత్కాలికంగా దగ్గర పెట్టుకుని తర్వాత సంఘానికి అప్పగించాలి. మూడోది బిల్డరు సొంత ఆదాయం: క్లబ్ హౌస్ సభ్యత్వం, డాక్యుమెంటేషన్ ఫీజు వంటివి. మొదటి దానికి రసీదు అడగాలి. రెండో దానికి ఏ ఖాతాలో ఉంటుందో అడగాలి. మూడో దానికి అగ్రిమెంటులో ఏ క్లాజు ప్రకారం వసూలు చేస్తున్నారో అడగాలి. అన్నిటినీ ఒకే అంకెలో కలిపేస్తే ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కటీ అడగడానికి వీలుండదు.

చట్టం ఎక్కడ నిలబడుతుంది?

ఉత్తరం రాసే ముందు మన కాళ్ల కింద నేల ఎంత గట్టిదో తెలియాలి. రెరా చట్టం, అంటే 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, కొనుగోలుదారుకు హక్కులతో పాటు బాధ్యతలు కూడా పెట్టింది.

19వ సెక్షన్ మొదటి ఉపసెక్షన్ ప్రకారం మంజూరైన ప్లాన్లతో పాటు చట్టం, నిబంధనలు, అగ్రిమెంటు ఇమ్మన్న ఇతర సమాచారం పొందే హక్కు మనకుంది. అదే సెక్షన్ ఆరో ఉపసెక్షన్ ప్రకారం అగ్రిమెంటులో రాసిన గడువులోగా రిజిస్ట్రేషన్ ఖర్చు, మున్సిపల్ పన్నులు, నీరు, కరెంటు, మెయింటెనెన్స్ ఛార్జీల్లో మన వాటా కట్టే బాధ్యత కూడా మనదే. ఆలస్యం చేస్తే ఏడో ఉపసెక్షన్ కింద వడ్డీ పడుతుంది. అందుకే "లెక్క ఇచ్చేదాకా పైసా కట్టను" అని రాయడం తెలివైన పని కాదు.

బిల్డరు వైపు చూస్తే 11వ సెక్షన్ ఉంది. సంఘం బాధ్యత తీసుకునేదాకా నిర్వహణ చూడాల్సింది బిల్డరే, దానికి "సహేతుకమైన" ఛార్జీలు మాత్రమే తీసుకోవచ్చు. ఫ్లాటును భౌతికంగా అప్పగించేదాకా పన్నులు, నీటి, కరెంటు బకాయిల వంటివి తీర్చాల్సిందీ ఆయనే. సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లో సంఘం ఏర్పాటుకు వీలు కల్పించాలని కూడా ఆ సెక్షన్ చెబుతోంది.

ఇక అసలు పత్రం మీ దగ్గరే ఉంది. అది రిజిస్టరైన సేల్ అగ్రిమెంటు. ఫ్లాటు ధరలో పది శాతానికి మించి తీసుకోవాలంటే ముందు దీన్ని రిజిస్టరు చేయాలని 13వ సెక్షన్ అంటుంది. రెరా కోసం కేంద్రం తయారు చేసిన నమూనా అగ్రిమెంటులో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. కట్టాల్సిన మొత్తాన్ని బిల్డరు రాతపూర్వకంగా తెలపాలి. పన్నులు అడిగితే అవి ఏ చట్టం, ఏ నోటిఫికేషన్ కింద, ఏ తేదీ నుంచి వచ్చాయో వివరాలు ఇవ్వాలి. మీ అగ్రిమెంటులో మొత్తం ధర గురించిన క్లాజు తెరిచి అలాంటి వాక్యం ఉందేమో చూడండి. ఉంటే ఉత్తరంలో మొదటి పేరాలోనే ఆ క్లాజు నంబరు రాయండి. "కంపెనీ పాలసీ" అన్న మాటకు అదే సరైన సమాధానం.

ఒక పరిమితి కూడా చెప్పుకోవాలి. రెరా ధరలు నిర్ణయించే సంస్థ కాదు. క్లబ్ హౌస్‌కు రెండు లక్షలు అని అగ్రిమెంటులో రాసి సంతకం చేసి ఉంటే, ఇప్పుడు ఎక్కువ అనిపించినా దాన్ని తీసేయించడం కష్టం. రాయనిది అడిగితే, రాసినదానికి మించి అడిగితే, ఒకసారి కట్టినది మళ్లీ అడిగితే ఉత్తరానికి బలం వస్తుంది.

ఉత్తరం

మన ఉదాహరణలోని ఫ్లాట్ విక్రయ విస్తీర్ణం 1,850 చదరపు అడుగులు. ఆ కుటుంబం రాసే ఉత్తరం ఇలా ఉండొచ్చు. మెయిల్ ఇంగ్లిష్‌లో పంపినా క్రమం ఇదే.

*మేనేజర్, కస్టమర్ రిలేషన్స్ గారికి,*

*విషయం: ఫ్లాట్ నంబరు ___, టవర్ ___ పొజెషన్ ఛార్జీల పద్దులవారీ లెక్క గురించి.*

*సూచిక: (1) ___ తేదీన రిజిస్టరైన సేల్ అగ్రిమెంటు, డాక్యుమెంట్ నంబరు ___. (2) ___ తేదీన మీరు పంపిన డిమాండ్ మెయిల్. (3) ప్రాజెక్టు రెరా రిజిస్ట్రేషన్ నంబరు ___.*

*అయ్యా,*

*ఫ్లాట్ సిద్ధమైందని తెలిపినందుకు ధన్యవాదాలు. పొజెషన్ తీసుకోవడానికి మేము సిద్ధంగా ఉన్నాం. మీరు కోరిన రూ.8,36,148కి వివరాలు లేవు. అగ్రిమెంటు క్లాజు ___, రెరా చట్టం 19(1) సెక్షన్ ప్రకారం ఈ కింది సమాచారాన్ని రాతపూర్వకంగా ఇవ్వగలరు.*

*1. ప్రతి ఛార్జీకి విడిగా: దాని పేరు, అగ్రిమెంటులోని క్లాజు నంబరు, లెక్కించిన తీరు (అడుగుకు ఎంత, ఏ విస్తీర్ణంపై, ఎన్ని నెలలకు), దానిపై జీఎస్టీ రేటు, మొత్తం.*

*2. కార్పస్ ఫండ్: ఇది డిపాజిట్టా, ఫీజా? ఏ బ్యాంకు ఖాతాలో ఉంచుతారు? వడ్డీ ఎవరిది? సంఘానికి ఎప్పుడు బదిలీ చేస్తారు? డిపాజిట్ అయితే దానిపై జీఎస్టీ ఏ ఆధారంతో వేశారు?*

*3. ముందస్తు మెయింటెనెన్స్: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? సంఘం బాధ్యత తీసుకున్నాక మిగిలిన సొమ్ము ఏమవుతుంది?*

*4. విద్యుత్, నీటి కనెక్షన్లు: ప్రాజెక్టు మొత్తానికి డిస్కంకు, జలమండలికి చెల్లించిన సొమ్ము, రసీదుల ప్రతులు, దాన్ని ఫ్లాట్లకు పంచిన పద్ధతి. మా పేరిట ఉండే మీటరు డిపాజిట్ ఉంటే ఆ మొత్తం.*

*5. ఇప్పటిదాకా మేము కట్టిన వాయిదాల్లో క్లబ్ హౌస్, పార్కింగ్, ఇతర సౌకర్యాల కింద జమ చేసుకున్న మొత్తాలు చూపే ఖాతా స్టేట్‌మెంట్.*

*6. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ప్రతి, దాని తేదీ.*

*అగ్రిమెంటులో స్పష్టంగా ఉన్న, లెక్కలో తేడా లేని మొత్తాలను మీ వివరాలు అందిన వెంటనే చెల్లిస్తాం. తేడా ఉన్నవాటిపై మా అభ్యంతరం రాతపూర్వకంగా తెలుపుతాం. ఈ సమాచారం కోరినందువల్ల జరిగే ఆలస్యానికి వడ్డీ గానీ హోల్డింగ్ ఛార్జీ గానీ వేయరాదని, మీ జవాబు అందాక కొత్త గడువు ఇవ్వాలని కోరుతున్నాం.*

*ఏడు రోజుల్లో జవాబు ఇవ్వగలరు. హైదరాబాద్‌లో మా తరఫున మా నాన్నగారు శ్రీ ___ మాట్లాడతారు. అయినా జవాబులు ఈ మెయిల్‌కే రాయగలరు.*

*భవదీయులు,*
*(అగ్రిమెంటులో ఉన్న కొనుగోలుదారులందరి పేర్లు)*

ఈ ఉత్తరానికి నోటరీ అవసరం లేదు. అగ్రిమెంటులో నోటీసుల కోసం ఇచ్చిన మెయిల్ చిరునామాకే, మీరు బిల్డరు దగ్గర నమోదు చేసిన మెయిల్ నుంచే పంపండి. అదే ప్రతిని అక్కడున్న పెద్దవాళ్లు స్పీడ్ పోస్టులో బిల్డరు ఆఫీసుకు పంపి రసీదు దాచుకోవాలి. మెయిల్‌కు జవాబుగా "ఒకసారి కాల్‌లో మాట్లాడదాం" అంటే మాట్లాడండి. తర్వాత అదే రోజు "ఫోన్‌లో మీరు చెప్పింది ఇదీ, పొరపాటుంటే సరిచేయగలరు" అని మెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్పిన మాటకు రేపు సాక్ష్యం ఉండదు, మెయిల్‌కు ఉంటుంది.

జవాబు వచ్చాక

పది రోజులకు బిల్డరు నుంచి పట్టిక వచ్చిందనుకుందాం. కార్పస్ ఫండ్ అడుగుకు 60 రూపాయల లెక్కన రూ.1,11,000. మెయింటెనెన్స్ అడుగుకు 4 రూపాయల చొప్పున 24 నెలలకు రూ.1,77,600. క్లబ్ హౌస్ రూ.2,00,000. విద్యుత్, నీటి ఛార్జీలు అడుగుకు 100 చొప్పున రూ.1,85,000. లీగల్, డాక్యుమెంటేషన్ రూ.35,000. కలిపితే రూ.7,08,600. దాని మొత్తంపై 18 శాతం జీఎస్టీ రూ.1,27,548. అలా వచ్చింది 8,36,148.

ఇప్పుడు అగ్రిమెంటు పక్కన పెట్టుకుని ఒక్కో వరుసనే చూద్దాం.

కార్పస్ ఫండ్ సంఘానికి బదిలీ చేయాల్సిన డిపాజిట్ అని అగ్రిమెంటులో ఉంది. జీఎస్టీ చట్టం ప్రకారం డిపాజిట్‌ను సేవకు చెల్లింపుగా వాడుకుంటే తప్ప దాన్ని ప్రతిఫలంగా లెక్కించరు. డిపాజిట్ అని రాసి, దానిపైనే 18 శాతం పన్ను వేస్తే రెండు మాటలూ పొసగవు. ఇది చూపించాక బిల్డరు ఆ పన్ను తీసేశాడు. రూ.19,980 తగ్గింది. కార్పస్‌ను విడిగా ఒక బదిలీగా, వివరాల్లో "కార్పస్" అని రాసి పంపడం మంచిది. రేపు సంఘం లెక్క అడిగే రోజు మీ బ్యాంకు స్టేట్‌మెంటే సాక్షి.

మెయింటెనెన్స్ దగ్గర అగ్రిమెంటులో 12 నెలలు అనే ఉంది. పట్టికలో 24 నెలలు వేశారు. 12 నెలలకైతే రూ.88,800, జీఎస్టీతో రూ.1,04,784. సరిగ్గా అంతే మొత్తం తగ్గింది. ఇక్కడ ఇంకో చిన్న విషయం చూడాలి. నెలలు ఎప్పటి నుంచి లెక్కపెడుతున్నారు? డిమాండ్ మెయిల్ పంపిన రోజు నుంచా, తాళాలు ఇచ్చిన రోజు నుంచా? పనులు పూర్తికాక అప్పగింత రెండు నెలలు జరిగితే, ఆ రెండు నెలల ఖర్చు మన ఖాతాలో పడకూడదు.

క్లబ్ హౌస్‌కు అగ్రిమెంటు ధరల పట్టికలో రెండు లక్షలు ఉంది. నిజమే. కానీ ఖాతా స్టేట్‌మెంట్ వచ్చాక తేలిందేమంటే, అది వాయిదాల్లో ఎప్పుడో కట్టేశారు. అమ్మకాల విభాగం, పొజెషన్ విభాగం వేర్వేరు కావడంతో అదే పద్దు మళ్లీ వచ్చింది. ఇందులో మోసమే ఉండక్కర్లేదు, పొరపాటైనా కావచ్చు. కానీ ఉత్తరంలో ఐదో ప్రశ్న లేకపోతే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు. జీఎస్టీతో కలిపి రూ.2,36,000 తగ్గింది.

లీగల్ ఛార్జీలు అగ్రిమెంటులో ఉన్నాయి. జీఎస్టీతో రూ.41,300. ఇష్టమున్నా లేకున్నా కట్టాలి.

చివరిది విద్యుత్, నీటి పద్దు. అగ్రిమెంటులో "వాస్తవ ఖర్చు ప్రకారం" అని ఉంది. బిల్డరు అడుగుకు వంద అన్నాడు తప్ప రసీదులు ఇవ్వలేదు. వాస్తవ ఖర్చు తేల్చే లెక్క కష్టమేమీ కాదు. ప్రాజెక్టు మొత్తానికి ప్రభుత్వ సంస్థలకు కట్టిన సొమ్మును మొత్తం విక్రయ విస్తీర్ణంతో భాగించాలి. విస్తీర్ణం నాలుగున్నర లక్షల అడుగులు అనుకుంటే, అడుగుకు వంద చొప్పున వసూలయ్యేది నాలుగున్నర కోట్లు. రసీదులు 3.15 కోట్లకే ఉంటే అడుగుకు 70 రూపాయలే అవుతుంది. అప్పుడు మన ఫ్లాటుకు రావాల్సింది రూ.1,29,500, అడిగింది రూ.1,85,000. పైగా బిల్డరు కట్టి తిరిగి వసూలు చేసుకుంటున్న ప్రభుత్వ ఛార్జీపై 18 శాతం జీఎస్టీ ఎందుకన్న ప్రశ్న కూడా ఉంది. రసీదులు రాకపోతే ఈ ఒక్క పద్దు వివాదంలోనే ఉంటుంది. ఇరుగుపొరుగు కొనుగోలుదారులు కలిసి అడగాల్సింది కూడా దీన్నే. రసీదులు ప్రాజెక్టు మొత్తానివి కాబట్టి ఒకరికిచ్చిన జవాబు అందరికీ పనికొస్తుంది.

మొత్తం మీద లెక్క ఇలా తేలింది. వివాదం లేనివి: కార్పస్, మెయింటెనెన్స్, లీగల్ కలిపి రూ.2,57,084. వివాదంలో ఉన్న విద్యుత్, నీటి పద్దు జీఎస్టీతో రూ.2,18,300. రెండూ కట్టినా రూ.4,75,384. మొదట అడిగిన దానికంటే రూ.3,60,764 తక్కువ.

అభ్యంతరంతో కట్టడం, సంతకం చేయడం

వివాదం తేలేదాకా ఆగాలా, కట్టేసి తాళాలు తీసుకోవాలా? ఇక్కడ అద్దె, అక్కడ ఈఎంఐ కడుతున్నవాళ్లు ఎంతకాలమని ఆగుతారు? పైగా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన రెండు నెలల్లో ఫ్లాటు స్వాధీనం చేసుకోవాలని 19(10) సెక్షన్ మనకే బాధ్యత పెట్టింది. అందుకే వివాదం లేని మొత్తాన్ని వెంటనే కట్టి, మిగిలిన దాన్ని "అభ్యంతరంతో చెల్లిస్తున్నాం, రసీదులు చూశాక సర్దుబాటు కోరే హక్కు మాకుంది" అని మెయిల్ రాసి కట్టడం చాలామందికి ఆచరణలో కుదిరే పద్ధతి.

అసలు చిక్కు డబ్బు కట్టాక వస్తుంది. తాళాలతో పాటు సంతకం పెట్టమని ఒక కాగితం ఇస్తారు. అందులో ఎక్కడో ఒక వాక్యం: "బిల్డరుపై మాకు ఎలాంటి క్లెయిములూ లేవు, ఇకపై ఉండవు." నాన్నగారు కళ్లజోడు సర్దుకునేలోపే పేజీ తిప్పి సంతకం చోటు చూపిస్తారు.

ఈ విషయంపై సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఒకటి తెలిసి ఉండాలి. బెంగళూరు బేగూరులోని ఒక పెద్ద ప్రాజెక్టులో 339 మంది కొనుగోలుదారులు పోరాడిన కేసు అది. వింగ్ కమాండర్ ఆరిఫుర్ రెహమాన్ ఖాన్, డీఎల్ఎఫ్ సదరన్ హోమ్స్ మధ్య నడిచిన ఈ కేసులో 2020 ఆగస్టు 24న తీర్పు వచ్చింది. అభ్యంతరం తెలుపుతూ పొజెషన్ తీసుకునే అవకాశం కొనుగోలుదారులకు ఇవ్వలేదని కోర్టు గమనించింది. హక్కులు కావాలంటే ఇల్లు వదులుకో, ఇల్లు కావాలంటే హక్కులు వదులుకో అనడం సమంజసం కాదంది. ఆలస్యానికి అగ్రిమెంటులో ఉన్న పరిహారంతో పాటు ఏటా ఆరు శాతం అదనంగా ఇప్పించింది.

అదే తీర్పులో రెండో వైపు కూడా ఉంది. పార్కింగ్ ఛార్జీలు తిరిగి ఇప్పించాలన్న కోరికను కోర్టు ఒప్పుకోలేదు. కారణం, ఆ ఛార్జీలు అగ్రిమెంటు ధరల విభజనలో విడిగా రాసే ఉన్నాయి. అంటే పద్దులవారీ లెక్క రెండు వైపులా పదునున్న కత్తి. అందులో ఉన్నదానికి మనం కట్టుబడాలి, లేనిదానికి బిల్డరు జవాబు చెప్పాలి.

కాబట్టి ఆ కాగితాన్ని ముందే మెయిల్‌లో పంపమని అడగండి. "క్లెయిములు లేవు" అన్న వాక్యం తీసేయమని కోరండి. తీయకపోతే, ఒత్తిడి వల్లే సంతకం చేస్తున్నామనీ అభ్యంతరాలు అలాగే ఉన్నాయనీ సంతకానికి ముందే మెయిల్ పంపండి.

అమెరికా నుంచి చేసేటప్పుడు

ఉత్తరానికి నోటరీ అక్కర్లేకపోయినా, మన బదులు నాన్నగారు తాళాలు తీసుకుని సేల్ డీడ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. దాన్ని ఇక్కడి భారత కాన్సులేట్ ద్వారా ధ్రువీకరించి పంపాక, ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా అక్కడ స్టాంపు వేయించాలి. ఈ పని పదిహేను రోజుల గడువులో అయ్యేది కాదు. డిమాండ్ మెయిల్ రాకముందే మొదలుపెట్టాలి. ఆ పత్రంలో పొజెషన్ తీసుకునే అధికారం ఇవ్వండి గానీ, మన తరఫున క్లెయిములు వదులుకునే అధికారం ఇవ్వకండి. అప్పుడు నాన్నగారి మీద ఒత్తిడి తెచ్చినా ఆయన "ఆ అధికారం నాకు లేదండీ" అని నిజాయితీగా చెప్పగలుగుతారు.

రెండో విషయం టీడీఎస్. ఆస్తి విలువ 50 లక్షలు లేదా అంతకు మించితే, ఇండియాలోని బిల్డరుకు కట్టే ప్రతి చెల్లింపులో ఒక శాతం పట్టుకుని ప్రభుత్వానికి జమ చేయాల్సింది కొనేవాళ్లే. మనం అమెరికాలో ఉన్నంత మాత్రాన మినహాయింపు లేదు. 2019 సెప్టెంబరు 1 నుంచి ఆ లెక్కలో క్లబ్ సభ్యత్వం, పార్కింగ్, విద్యుత్, నీరు, మెయింటెనెన్స్ వంటి ఛార్జీలు కూడా చేరాయి. గంపగుత్త అంకె మీద దేనికి ఎంత పట్టుకోవాలో మీ ఆడిటరు కూడా చెప్పలేడు. పద్దుల లెక్క ఉంటే ఆయన పని సులువు, మీకు తర్వాత నోటీసు వచ్చే అవకాశం తక్కువ.

జవాబే రాకపోతే? మొదటి ఉత్తరాన్ని జతచేసి, మరో ఏడు రోజుల గడువుతో గుర్తుచేసే మెయిల్ పంపండి. అప్పటికీ రాకపోతే రెరా చట్టం 31వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయవచ్చు. తెలంగాణ రెరాలో ఇది ఫారం-ఎం రూపంలో ఆన్‌లైన్‌లోనే దాఖలవుతుంది. అప్పుడు మీరు జతచేసే కాగితాలు నాలుగే: అగ్రిమెంటు, డిమాండ్ మెయిల్, మీ ఉత్తరం, పోస్టు రసీదు. బిల్డరు జవాబివ్వకపోవడం కూడా అప్పుడు ఒక సాక్ష్యమే.

మన ఉదాహరణలోని ఇంటికి తిరిగి వద్దాం. శ్రావణం ముహూర్తానికి రెండు రోజుల ముందు నాన్నగారు తాళాలు తీసుకున్నారు. విద్యుత్ పద్దు ఇంకా తేలలేదు. అపార్ట్‌మెంటులో మరికొందరితో కలిసి రసీదుల కోసం రెండో ఉత్తరం రాశారు. ఆ రాత్రి వీడియో కాల్‌లో పాలు పొంగుతుంటే ఫ్రిస్కోలో పిల్లలు నిద్రమత్తులో చూశారు. వంటగట్టు మీద పసుపు రాసిన పాల గిన్నె పక్కనే నాన్నగారి ఫైలు కనిపించింది. పైన ఉన్న కాగితం ఆ పద్దుల పట్టికే. నాలుగు వరుసల పక్కన ఆయన పెన్నుతో టిక్కులు పెట్టారు. ఐదోదాని పక్కన మాత్రం "రసీదు రావాలి" అని రాసుకున్నారు.